సంధి సూత్రం అప్పజెప్పడం వేరు, అర్థం కావడం వేరు: మౌఖిక పరీక్షలో ఏం అడగాలి?

ప్రశ్న: తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. పిల్లలు సంధి సూత్రాలు గడగడా అప్పజెబుతారు, పుస్తకంలో ఉన్న పదాలు టకటకా విడదీస్తారు. కొత్త పదం ఇస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు. ఈసారి వ్యాకరణానికి నోటి పరీక్ష పెట్టి, వాళ్లతోనే వివరణ చెప్పిద్దామని ఉంది. ఎలాంటి ప్రశ్నలు అడగాలి, మార్కులు ఎలా వేయాలి? క్లాసులో నలభై మంది, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలకు మించి దొరకదు.

సమాధానం:

టీచర్ గారూ, చాలా ఏళ్లుగా హైస్కూల్లో తెలుగు చెబుతూ ఈ నోటి పరీక్ష నడుపుతున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు ఒక మాట. "సూత్రం చెప్పు", "ఇది ఏ సంధి?" అనే రెండు ప్రశ్నలనూ పరీక్షలోంచి తీసేయండి. ఆ రెండిటికీ జవాబు జ్ఞాపకంలోంచి వస్తుంది. మీరు వినాల్సింది, రెండు పదాలు కలిసిన చోట ఏం జరిగిందో, అక్కడ అదే ఎందుకు జరిగిందో. సంధి పేరు చివర్లో వస్తే రానివ్వండి, రాకపోయినా ఆ బిడ్డకు పెద్ద నష్టం లేకుండా మార్కులు పెట్టుకోవచ్చు.

నా పరీక్ష అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: "రెండు అచ్చులు ఎదురుపడ్డాయి కదా, వాటికి ఏమైంది?" దీనికి వచ్చే జవాబులు ముఖ్యంగా మూడు. మొదటిది, ముందున్న అచ్చు పోయి వెనకది మిగలడం. రెండోది, రెండూ పోయి వాటి స్థానంలో ఒక దీర్ఘం రావడం. మూడోది, రెండూ ఉండిపోయి మధ్యలో 'య' చేరడం. మొదటిదాన్నే చిన్నయసూరి బాలవ్యాకరణంలో, ముందు వెనక అచ్చులు రెండిటికీ కలిపి వెనక అచ్చు ఒక్కటే ఆదేశంగా రావడం సంధి అని నిర్వచించాడు. పిల్లలకు ఆ నిర్వచనం నోటికి రాకపోయినా ఫర్వాలేదు. "వెనక అచ్చు మిగిలింది సార్" అన్నాడంటే నిర్వచనం అర్థమైనట్టే. గుణసంధి, యణాదేశం వంటివి కూడా ఈ ప్రశ్నకిందికే వస్తాయి గానీ, మొదటి పరీక్షలో వాటిని కలపకండి. ఉత్వం, సవర్ణదీర్ఘం, యడాగమం ఈ మూడూ బాగా తేలితే మిగతావి వాటంతటవే నడుస్తాయి.

పుస్తకంలో లేని పదాలతో మొదలుపెట్టండి

'రాముడితడు' అని కార్డు మీద రాసి ఇస్తే, వాడు పోయిన ఏడాదినుంచి చూస్తున్న పదం అది. ఆలోచించక్కర్లేదు. దాని బదులు 'బస్సు + ఎక్కాడు' ఇవ్వండి. 'ఫోను + ఎత్తాడు' ఇవ్వండి. 'కారు + ఆపాడు' ఇవ్వండి. ఈ పదాలు ఏ సంధి ఉదాహరణల పట్టికలోనూ ఉండవు, పైగా పిల్లవాడు రోజూ 'బస్సెక్కాడు', 'ఫోనెత్తాడు' అంటూనే ఉంటాడు. సూత్రం తన నోట్లోనే పనిచేస్తోందని అప్పుడు గమనిస్తాడు. ఇంగ్లిషు మాట తెలుగులోకి వచ్చి చివర 'ఉ' తగిలించుకున్నాక, దానికి కూడా ఉత్వసంధి మామూలుగానే జరుగుతుంది. ఇది పిల్లలకు భలే నచ్చుతుంది.

తెలంగాణ పిల్లవాడు 'బస్సెక్కిండు' అంటాడు, కోస్తా పిల్లవాడు 'బస్సెక్కాడు' అంటాడు, సీమ పిల్లవాడు 'బస్సెక్కినాడు' అనవచ్చు. దిద్దకండి. క్రియ చివర మారింది గానీ మనం అడుగుతున్న అతుకు దగ్గర ముగ్గురూ ఒకే పని చేశారు. అసలు ఆ సంగతే ఒక ప్రశ్నగా పెట్టవచ్చు: "ఈ మూడిట్లో సంధి ఒకటేనా, వేరా?" ఒకటేనని చెప్పి, ఎందుకో కూడా చెప్పగలిగిన బిడ్డ మాటను అతుకు దగ్గర చూడటం నేర్చుకున్నట్టు.

కార్డుల గురించి కూడా ఇక్కడే చెప్తాను. నోటి పరీక్ష కదా అని పదాన్ని నోటితోనే ఇవ్వకండి. హ్రస్వమా దీర్ఘమా అన్నది వినడంలో తప్పిపోతే పిల్లవాడి తప్పు కాకుండానే జవాబు పాడవుతుంది. పెద్ద అక్షరాలతో కార్డు మీద రాసి చేతికివ్వండి. సగం కార్డులు విడదీసినవి, సగం కలిపినవి ఉండాలి. కార్డు వెనక కూడా సంధి పేరు రాయొద్దు, బల్లమీద తిరగబడితే కనిపిస్తుంది.

"ఎందుకు కాలేదు?" అన్నదే అసలు ప్రశ్న

సంధి జరిగిన పదానికి కారణం చెప్పమంటే, సగం మంది సూత్రాన్నే కారణంగా ఒప్పజెబుతారు. "ఉత్తునకు అచ్చు పరమైతే సంధి అవుతుంది కాబట్టి" అంటారు. తప్పు లేదు, కానీ అర్థమైందో లేదో మీకు తెలియదు. అందుకని జరగని చోటు చూపించాలి.

మొదటి కార్డు 'బస్సు + ఎక్కాడు'. రెండో కార్డు 'బస్సు + దిగాడు'. "ఇక్కడ ఉకారం ఎందుకు పోలేదు?" అని అడగండి. 'దిగాడు' హల్లుతో మొదలైంది, అచ్చు ఎదురుకాలేదు అని చెప్పాలి. ఇది తేలిక. క్లాసులో చాలామంది చెప్పేస్తారు. 'పరమగునపుడు' అన్న మాటకు అర్థం తెలిసిందని మీకు ఇక్కడ రుజువు దొరుకుతుంది. కొందరికి 'పరం' అంటే ఏమిటో ఇప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు. ఎదురుగా, వెనువెంటనే వచ్చేది అని ఆ కార్డు దగ్గరే తేలిపోతుంది.

మూడో కార్డు కొంచెం గట్టిది: 'జూ + ఎక్కడ'. "బస్సెక్కడ అంటాం కదా, మరి 'జెక్కడ' అనొచ్చా?" అనకూడదని అందరికీ చెవికి తెలుసు. ఎందుకు అనకూడదో చెప్పడమే కష్టం. "అలా అంటే అర్థం కాదు సార్" అని మొదట అంటారు. అది కారణం కాదు, ఇంకోసారి అడగండి. 'జూ'లో ఉన్నది దీర్ఘం, సూత్రంలో చెప్పిన ఉత్తు హ్రస్వ ఉకారం మాత్రమే. దీర్ఘం పోదు. కాబట్టి ఇక్కడ సంధి లేదు. సంధి లేని చోట అచ్చుమీద అచ్చు వస్తే యడాగమం అని మనం చెబుతాం కాబట్టి పాత పద్ధతిలో 'జూయెక్కడ' అని రాయాలి, ఇప్పటి రాతలో 'జూ ఎక్కడ' అని విడిగా వదిలేస్తున్నాం.

సూత్రం కంఠతా వచ్చిన పిల్లల్లో చాలామంది 'ఉత్తు' అంటే 'ఉకారం' అని మాత్రమే పట్టుకుంటారు. పుస్తకంలో ఉదాహరణలన్నీ హ్రస్వాలే కాబట్టి ఆ లోటు రాతపరీక్షలో ఎన్నడూ బయటపడదు. 'జూ' ఒక్క కార్డుతో బయటపడుతుంది. అత్తు, ఇత్తు, ఉత్తు అన్నప్పుడు చివర ఆ తకారం హ్రస్వమని చెప్పడానికే ఉందని అప్పుడే చెప్పేయండి. పరీక్షే అయినా అక్కడ రెండు వాక్యాలు బోధించడం తప్పు కాదు. మార్కు మాత్రం మీరు చెప్పకముందు వచ్చిన జవాబుకే వేయాలి.

ఒక జత కార్డులు: భానూదయం, భానుడుదయించాడు

నేను ప్రతి ఏడూ వాడే జత ఇది. ఐదు నిమిషాల్లో సగం దీనికే ఇస్తాను. బిడ్డ ముందు రెండు కార్డులు పెట్టండి.

భాను + ఉదయం
భానుడు + ఉదయించాడు

రెండిట్లోనూ ముందు పదం చివర హ్రస్వ ఉకారం, వెనక పదం మొదట హ్రస్వ ఉకారం. అతుకు దగ్గర అచ్చులు అక్షరాలా అవే. కలిపితే ఒకటి 'భానూదయం', రెండోది 'భానుడుదయించాడు'. ఒకచోట దీర్ఘం వచ్చింది, ఇంకోచోట రాలేదు. సాధారణంగా సంభాషణ ఇలా నడుస్తుంది.

"రెండూ కలిపి చదవమ్మా."

"భానూదయం. భానుడూ... భానుడుదయించాడు."

"ఏదో అనబోయి ఆగావు. ఏమనబోయావు?"

"భానుడూదయించాడు అనబోయాను సార్. బాగాలేదని మార్చుకున్నాను."

"బాగాలేదని చెవికి తెలిసింది, సరే. మొదటిదాంట్లో దీర్ఘం ఎందుకు వచ్చింది?"

"సవర్ణాచ్చులు కాబట్టి. ఉకారానికి ఉకారం వచ్చింది."

"రెండోదాంట్లో కూడా ఉకారానికి ఉకారమే వచ్చింది కదా?"

ఇక్కడ కాసేపు మౌనం ఉంటుంది. ఉండనివ్వండి. మీరు మాట్లాడకండి. చాలామంది పిల్లలు ఈ మౌనంలోనే దారి దొరకబుచ్చుకుంటారు.

"మొదటిది సంస్కృతం సార్. రెండోది తెలుగు."

"భానుడు సంస్కృతం కాదా?"

"భాను సంస్కృతం. 'డు' మనం చేర్చాం."

"ఉదయించాడు?"

"ఉదయం సంస్కృతమే, కానీ 'ఉదయించాడు' అని సంస్కృతంలో అనరు. అది మన క్రియ."

ఇంతవరకు వచ్చిన పిల్లకు నేను నిండు మార్కులు వేస్తాను. సవర్ణదీర్ఘం రెండు సంస్కృత పదాల మధ్యే జరుగుతుందని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం కంఠతా వచ్చినవాళ్లు 'భానుడు' దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే అది వాళ్లకు సంస్కృతంలాగే కనిపిస్తుంది. 'డు' అన్నది తెలుగు ప్రథమా విభక్తి ప్రత్యయమని, అది చేరాక ఆ చివరి ఉకారం తెలుగు ఉకారమని గుర్తుపట్టినవాళ్లకే సూత్రం వంటబట్టింది. డుమువులు ప్రథమా విభక్తి అని ఆరో తరగతినుంచి చదువుతారు, సంధులు వేరే పాఠంలో చదువుతారు. ఆ రెండు పాఠాలూ ఒకదానితో ఒకటి కలిసేది ఇలాంటి ప్రశ్నలోనే.

చురుకైన పిల్ల ఒక్కోసారి ఎదురు ప్రశ్న వేస్తుంది: "సార్, ఉదయం చివర కూడా మన 'ము'వర్ణమే ఉంది కదా. అప్పుడు అది కూడా తెలుగే కావాలి." ఇది చాలా మంచి ప్రశ్న, దాటవేయకండి. సంస్కృతంలో భాను, ఉదయ అనే రెండూ ముందు కలిసి 'భానూదయ' అయ్యాయి. ఆ మొత్తం తెలుగులోకి వచ్చాక చివర 'ము' చేరింది. అతుకు దగ్గర తెలుగు ప్రత్యయం ఏదీ లేదు. 'భానుడు'లో మాత్రం 'డు' సరిగ్గా అతుకు మీదే కూర్చుంది. ఆ తేడాను ఎదురు ప్రశ్న వేసిన పిల్లతోనే చెప్పించడానికి ఒక్క సాయం చాలు: "ఆ 'ము' పదంలో ఎక్కడుంది, ఈ 'డు' ఎక్కడుంది, వేలుపెట్టి చూపించు." వేలు పెట్టగానే తెలిసిపోతుంది.

జవాబు పూర్తయ్యాక ఒక చిన్న తనిఖీ చేయండి. 'గురు + ఉపదేశం', 'గురువు + ఉన్నాడు' కార్డులు ఇచ్చి, వివరణ వద్దు, కలిపి చదవమనండి. గురూపదేశం, గురువున్నాడు అని తడుముకోకుండా వచ్చి, అడిగితే 'వు' సంగతి చెప్పగలిగితే, ముందు చెప్పింది ఊహ కాదన్నమాట. ఒక జత మీద అదృష్టవశాత్తూ సరైన జవాబు రావచ్చు. రెండో జత మీద కూడా కారణం సరిగ్గా చెప్పారంటే తెలిసే చెప్పారు.

రెండు రూపాలు ఒప్పుకునే చోట

'వైకల్పికం', 'బహుళం' అన్న మాటలు పిల్లలు సూత్రంలో పలుకుతారు గానీ వాటితో ఏం చేయాలో తెలియదు. దీనికి అర్థం అడగొద్దు, పని అడగండి. 'ఏమి + అంటివి' కార్డు ఇచ్చి, "దీన్ని ఎన్ని రకాలుగా కలపొచ్చు?" అనండి. ఏమంటివి, ఏమియంటివి అని రెండూ రావాలి. రెండు చెప్పి, ఒకదాంట్లో సంధి జరిగిందని, ఇంకోదాంట్లో జరగక యడాగమం వచ్చిందని చెబితే వైకల్పికం తెలిసినట్టే. 'మేన + అత్త' కూడా అంతే: మేనత్త, మేనయత్త.

బహుళం ఇంకాస్త లోతు. అత్వసంధిలో 'రామ + అయ్య' రామయ్య మాత్రమే అవుతుంది. 'అమ్మ + ఇచ్చెను' మాత్రం అమ్మయిచ్చెను అవుతుంది గానీ 'అమ్మిచ్చెను' అని వ్యాకరణం ఒప్పుకోదు. 'ఒక + ఒక' అయితే ఏకంగా 'ఒకానొక' అవుతుంది. ఒకే సూత్రం కింద ఒకచోట తప్పక జరగడం, ఒకచోట అసలు జరగకపోవడం, ఒకచోట రెండు రకాలుగా ఉండటం, ఒకచోట మరేదో కావడం: ఈ నాలుగూ కలిపి బహుళం. తొమ్మిదో తరగతికి ఈ నాలుగు కార్డులూ బల్లమీద పరిచి, "వీటిలో ఏది మిగతావాటిలా లేదు, ఎందుకు?" అని అడిగితే చాలు. ఏ కార్డును ఎంచుకున్నా దానికి తగిన కారణం చెబితే సరైన జవాబే. ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఉండదని ముందే పిల్లలకు చెప్పండి, లేకపోతే మీ మొహం చూసి జవాబు వెతుక్కుంటారు.

ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది, దానికి మీరు ముందే సిద్ధపడాలి. క్త్వార్థమైన ఇకారానికి సంధి లేదని చెబుతాం. 'వచ్చి + ఇచ్చెను' వచ్చియిచ్చెను అవుతుంది గానీ వచ్చిచ్చెను కాదు. ఒక పిల్లవాడు లేచి, "మా ఇంట్లో 'తెచ్చిచ్చాడు' అంటాం కదా సార్" అంటాడు. అనాలి కూడా. 'అమ్మిచ్చింది' అని కూడా అంటాం. వాడి మాట నిజమే, అలాగే అంటాం. మనం చదివే సూత్రాలు కావ్యభాషకు రాసినవి. చిన్నయసూరి పంతొమ్మిదో శతాబ్దంలో ఆ భాషనే లక్ష్యంగా పెట్టుకున్నాడు. ఇవాళ నోటితో మాట్లాడే తెలుగులో సంధి ఇంకా విరివిగా జరుగుతుంది. "నువ్వన్నది మాట్లాడే భాషలో సరైనదే, సూత్రం ఏ భాషకు చెప్పిందో ఇప్పుడు నువ్వే చెప్పు" అనండి. వాడు ఆ రెండు భాషల తేడా చెప్పగలిగితే అది పుస్తకం జవాబు కంటే పై మెట్టు జవాబు. మార్కు తగ్గించడం అన్యాయం. "అలా అనకూడదు, తప్పు" అన్నారంటే మాత్రం, తన నోట్లోని తెలుగుకీ వ్యాకరణానికీ సంబంధం లేదని వాడు ఆ రోజే తీర్మానించుకుంటాడు.

సమాసాలకు ఒక్క మాట

మీరు సంధులే అడిగారు గానీ, సమాసాలకూ ఇదే పద్ధతి నడుస్తుంది కాబట్టి ఒక జత ఇస్తాను: ముల్లోకాలు, ముక్కంటి. రెండిట్లోనూ 'మూడు' ఉంది. సంఖ్య కనిపించగానే పిల్లలు ద్విగువు అనేస్తారు. విగ్రహవాక్యం అడగకండి, అది కంఠతా వచ్చేస్తుంది. ఒక్కొక్క పదాన్నీ కర్తగా పెట్టి వాక్యం చెప్పమనండి. 'ముల్లోకాలు వణికాయి', 'ముక్కంటి ఆగ్రహించాడు'. "మొదటిదాంట్లో 'వణికాయి', రెండోదాంట్లో 'ఆగ్రహించాడు' ఎందుకు వచ్చింది?" మూడు లోకాలే వణికాయి కాబట్టి బహువచనం. ముక్కంటిలో ఆగ్రహించింది కళ్లు కావు, మూడు కళ్లున్న శివుడు. పదంలో లేని మనిషి క్రియలోకి వచ్చి కూర్చున్నాడు. అన్యపదార్థ ప్రాధాన్యం అంటే అదే. ఆ పెద్ద మాట పలకని పిల్ల కూడా 'ఆగ్రహించాడు'ను చూపించి ఆ సంగతి చెప్పగలదు.

మార్కులు, సమయం, మీ నోరు

ఒక్కో జతకు ఐదు మార్కులు పెట్టుకోండి. సరిగ్గా కలిపితే లేదా విడదీస్తే ఒకటి. అతుకు దగ్గర ఏం జరిగిందో సొంత మాటల్లో చెబితే రెండు. రెండో కార్డులో అలా ఎందుకు జరగలేదో చెబితే రెండు. సంధి పేరు చెప్పినందుకు విడిగా మార్కు లేదు. పేరు తప్పు చెప్పి వివరణ సరిగ్గా చెప్పినవాడికి ఐదూ వేయండి, పేరు మీరు దిద్దండి. పేరు సరిగ్గా చెప్పి వివరణ చెప్పలేనివాడికి ఒకటే వస్తుంది. మొదట్లో దీనికి తల్లిదండ్రుల నుంచి ప్రశ్నలు వస్తాయి, అందుకని ఈ లెక్క ముందే క్లాసులో బోర్డు మీద రాసి పెట్టండి.

ఒక్కొక్కరికి ఐదు నిమిషాలంటే నలభై మందికి రెండువందల నిమిషాలు, నలభై నిమిషాల పీరియడ్లు ఐదు. పిలవడం, కూర్చోవడం, కార్డు మార్చడం కలుపుకుంటే ఆరు పీరియడ్లు పెట్టుకోండి. బయటికి వెళ్లినవాళ్లు లోపల ఏమడిగారో చెప్పేస్తారని టెన్షన్ వద్దు. 'భానూదయం' అడుగుతున్నారని తెలిసినా, కారణం తెలియకుండా రెండో జత దాటలేరు. అందుకే తనిఖీ జతల్ని మార్చుతూ ఉండండి. అవసరమైతే రోజూ వినే మాటల్లోంచి మీరే కొత్తవి తయారు చేసుకోవచ్చు.

విడదీసే కార్డుల్లో ఒక జాగ్రత్త. 'విద్యాలయం' అన్న కార్డుకు ఒకరు విద్య + ఆలయం అంటారు, ఇంకొకరు విద్యా + ఆలయం అంటారు. సంస్కృతంలో ఆ పదం దీర్ఘాంతం, తెలుగులో వాడేటప్పుడు హ్రస్వం. ఎటు విడదీసినా సవర్ణదీర్ఘమే. రెండూ ఒప్పుకోండి. ఇలాంటి వాటిమీద వాదన పెట్టుకుంటే ఐదు నిమిషాలూ అక్కడే పోతాయి.

ఈ పరీక్ష ఎక్కువగా పాడయ్యేది అడిగేవాళ్ల నోటివల్లే. "కాబట్టి ఇది తెలుగు పదం, అందుకని ఇక్కడ...?" అని మీరు వాక్యం మొదలుపెట్టి పిల్లవాడితో చివరి మాట చెప్పిస్తే, ఆ వివరణ మీదే అవుతుంది. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. అలాగే తప్పు జవాబుకే కాదు, ఒప్పు జవాబుకూ "ఎందుకు?" అని అడగండి. తప్పు చెప్పినప్పుడే "ఎందుకు" వినిపిస్తే, ఆ మాట వినగానే పిల్లలు జవాబు మార్చేసుకుంటారు. ఒప్పు చెప్పి, మీరు "ఎందుకు" అనగానే మార్చుకున్న బిడ్డను, "మార్చక్కర్లేదు, మొదట చెప్పినదానికే కారణం చెప్పు" అని నిలబెట్టండి. ఇలా ఒకరిద్దరి దగ్గర జరిగితే క్లాసంతా సర్దుకుంటుంది.

భయంతో నోరు పెగలని పిల్లలు ప్రతి క్లాసులో కొందరుంటారు. వాళ్లకు తెల్లకాగితం, పెన్సిలు ఇవ్వండి. రెండు పదాలూ రాసి, పోయిన అచ్చును కొట్టేసి, వచ్చినదాన్ని రాసి, ఆ తర్వాత తాను చేసింది ఏమిటో చదివి వినిపించమనండి. చేతిలో గీత ఉంటే మాట దానంతట అదే వస్తుంది. అప్పటికీ రాకపోతే ఆ రోజుకు పంపించి, చివరి పీరియడ్లో స్నేహితురాలితో కలిపి పిలవండి. ఒకరు కలపాలి, రెండోవారు "ఎందుకు?" అని అడగాలి, తర్వాత మారాలి. మీరు పక్కన కూర్చుని వినండి. మార్కులు మాత్రం ఎవరు చెప్పినదానికి వాళ్లకే వేయండి.

మొదటిసారికి ఈ కార్డులు చాలు: బస్సు + ఎక్కాడు, బస్సు + దిగాడు, జూ + ఎక్కడ, భాను + ఉదయం, భానుడు + ఉదయించాడు, గురు + ఉపదేశం, గురువు + ఉన్నాడు, ఏమి + అంటివి, మేన + అత్త. వీటికి కలిపిన రూపాల కార్డులు కూడా తయారు చేసుకోండి. ఒక్కో బిడ్డకు ఒక జత, ఒక తనిఖీ జత, సమయం మిగిలితే వైకల్పికం కార్డు ఒకటి. పరీక్షకు వారం ముందు క్లాసు మొత్తం ముందు ఇద్దరు పిల్లల్ని పిలిచి, వేరే పదాలతో ఒకసారి చేయించి చూపించండి. ఏం అడుగుతారో, ఎలాంటి జవాబుకు మార్కు పడుతుందో చూసినవాళ్లు ఆ వారమంతా బస్సులోనూ ఇంట్లోనూ మాటలు విడదీసుకుంటూ వస్తారు.